ఒకే మీమ్ టెంప్లేట్‌తో ఐదు వేర్వేరు జోకులు: క్యాప్షన్ ఎలా మార్చాలి?

"ఫొటో అదే పెట్టాను, క్యాప్షన్ మాత్రం నాది రాశాను. ఒక్కరూ నవ్వలేదు. ఎక్కడ తప్పింది?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. వాళ్లు పంపినవాటిని వరసగా చూశాక ఒక సంగతి అర్థమైంది. చాలామంది ఫొటోలో ఉన్న మాటలు తీసేసి కొత్త మాటలు పెడుతున్నారు కానీ, ఆ ఫొటో అప్పటికే ఏం చెబుతోందో చూడటం లేదు. ఫొటో చెప్పేది ఒకటి, క్యాప్షన్ చెప్పేది ఇంకొకటి అయినప్పుడు జోకు మధ్యలోనే తెగిపోతుంది.

అందుకని ఒక్క టెంప్లేట్ తీసుకుని, దాని మీదే ఐదు జోకులు చేసి చూపిస్తాను. పది టెంప్లేట్ల గురించి తలా రెండు ముక్కలు చెప్పడం కన్నా ఇదే ఉపయోగం. నేను ఎంచుకున్నది మీకు తెలిసిన ఫొటోనే. వీధిలో ఒక అబ్బాయి తన గర్ల్‌ఫ్రెండ్‌తో నడుస్తూ, ఎదురుగా వచ్చి దాటిపోయిన ఎర్ర డ్రెస్సు అమ్మాయి వైపు వెనక్కి తిరిగి చూస్తుంటాడు. పక్కనున్న అమ్మాయి నోరు తెరిచి, నమ్మలేనట్టు అతని మొహంలోకి చూస్తుంటుంది.

ఈ ఫొటోను స్పెయిన్‌లోని జిరోనా నగరంలో ఆంటోనియో గిలెమ్ అనే ఫొటోగ్రాఫర్ 2015లో తీశారు. అది మీమ్ కోసం తీసింది కాదు. పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు అమ్మే స్టాక్ ఫొటో సైట్లలో, నమ్మకద్రోహం చేసే ప్రియుడి కథకు పనికొచ్చే బొమ్మగా పెట్టారు. 2017 జనవరిలో ప్రోగ్రెసివ్ రాక్ సంగీతాభిమానులు నడిపే ఒక టర్కీ ఫేస్‌బుక్ పేజీలో ఆ అబ్బాయి మీద గాయకుడు ఫిల్ కాలిన్స్ పేరు రాశారు. ప్రోగ్రెసివ్ రాక్‌ను పక్కన ఉంచుకుని పాప్ వైపు చూస్తున్నాడని వాళ్ల ఎగతాళి. అదే సంవత్సరం ఆగస్టులో ఇంకెవరో అబ్బాయి మీద "యువత" అని, పక్కనున్న అమ్మాయి మీద "పెట్టుబడిదారీ విధానం" అని, ఎర్ర డ్రెస్సు మీద "సోషలిజం" అని రాశారు. అక్కణ్ణుంచి అది ప్రపంచమంతా పాకింది. ఫొటోలో ఒక్క గీత కూడా మారలేదు. ఒక జంట గొడవ కాస్తా సంగీతం మీద వాదన అయింది, ఆ తర్వాత రాజకీయం అయింది.

ఏమేం కావాలి

- ఏ మాటలూ రాయని ఫొటో. వేరేవాళ్ల మీమ్ మీద అక్షరాలు చెరిపి వాడకండి, చెరిపిన మచ్చ కనిపిస్తూనే ఉంటుంది.
- ఫొటో మీద తెలుగు రాయనిచ్చే ఏదైనా యాప్.
- కాస్త లావుగా ఉండే తెలుగు ఫాంట్. రామభద్ర బాగుంటుంది.
- కాగితం, పెన్ను. మొదటి ఐదు మెట్లూ కాగితం మీదే. ముందే యాప్ తెరిస్తే అక్షరాల రంగుల్లో పడిపోయి జోకు వదిలేస్తాం.
- మీరేం చేస్తున్నారో తెలియని స్నేహితుడో స్నేహితురాలో ఒకరు. చివరి పరీక్షకు వాళ్లు తప్పనిసరి.

1. ముందు క్యాప్షన్ లేకుండా ఫొటోను చదవండి

ఫొటోలో ఎవరెవరు ఉన్నారో కాదు, ఎవరికి ఎవరితో ఏం సంబంధమో రాయండి. ఈ ఫొటోలో నాలుగు సంగతులున్నాయి.

ఒకటి, అబ్బాయికీ పక్కనున్న అమ్మాయికీ ముందే ఒక బంధం ఉంది. ఇద్దరూ చేయి పట్టుకునే నడుస్తున్నారు. రెండు, అతని చూపు ఆ బంధం బయటికి పోయింది. మూడు, పక్కనున్న అమ్మాయి అది చూసేసింది. అతను దొరికిపోయాడు. నాలుగు, ఎర్ర డ్రెస్సు అమ్మాయికి ఇదేమీ తెలియదు. ఆమె ఎవరినీ చూడటం లేదు, తన దారిన తను పోతోంది.

మొదటి రెండూ అందరికీ కనిపిస్తాయి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నాలుగోదాన్ని దాదాపు ఎవరూ వాడరు, కానీ మంచి జోకులు అక్కడే దాక్కుని ఉన్నాయి. దాన్ని మూడో మెట్టులో చూద్దాం.

ఈ అమరిక కొత్తదేం కాదు. ఇంగ్లండు చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ 1760-61లో ఒక బొమ్మ వేశాడు. అందులో డేవిడ్ గారిక్ అనే నటుణ్ణి విషాదం ఒక పక్కకు లాగుతుంటే, అతను హాస్యం వైపు ఒరిగి నవ్వుతుంటాడు. విషాదం, హాస్యం రెండూ ఆడవాళ్ల రూపంలో ఉంటాయి. మనిషి పక్కన పేరు మారితే చాలు, అదే ముగ్గురి అమరిక ఇంకో కథ చెబుతుందని అప్పటికే తెలుసన్నమాట.

2. ఫొటోను ఖాళీలున్న వాక్యంగా మార్చండి

ఆ నాలుగు సంగతులనూ ఒక వాక్యంలో పెట్టండి:

"________ చేయి ________ చేతిలో ఉంది, చూపు మాత్రం ________ మీద ఉంది. అది పక్కవాళ్లు చూసేశారు."

ఇక మీ పని ఆ మూడు ఖాళీలు నింపడమే. మొదటి ఖాళీ అబ్బాయిది, రెండోది పక్కనున్న అమ్మాయిది, మూడోది ఎర్ర డ్రెస్సుది. నింపాక పైకి చదవండి. నోటితో చదివినప్పుడు తడబడితే ఫొటో మీద పెట్టినా తడబడుతుంది.

ఉదాహరణకు "విద్యార్థి – కష్టం – విజయం" అని ఒకరు నింపి పంపారు. చదివి చూడండి: "విద్యార్థి చేయి కష్టం చేతిలో ఉంది, చూపు మాత్రం విజయం మీద ఉంది." వాక్యం నిలబడింది. కానీ "అది కష్టం చూసేసింది" అనగానే కూలిపోయింది. విజయం వైపు చూస్తే కష్టానికి కోపం ఎందుకు వస్తుంది? రాసినవారు మంచి మాట చెబుదామనుకున్నారు, ఫొటోనేమో తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషిని చూపిస్తోంది. రెండూ కలవవు. ఈ ఫొటో మీద మెచ్చుకోలు నిలవదు. కక్కుర్తి, నిలకడలేనితనం, మాట తప్పడం, దొరికిపోవడం – ఇలాంటివే నిలుస్తాయి.

3. "నేను" అన్న మాటను ఒక్కో చోటికీ జరపండి

అసలు కీలకం ఈ మెట్టే. కొత్త విషయం కోసం వెతకనక్కర్లేదు. ఉన్న విషయంలోనే "నేను" ఎక్కడ నిలబడ్డానో మార్చితే జోకు స్వభావమే మారిపోతుంది. అందరికీ తెలిసిన ఒక్క విషయం తీసుకుందాం: రాత్రి నిద్ర.

*మొదటి జోకు: నేను అబ్బాయి చోట.*

ఎర్ర డ్రెస్సు: ఫోన్
అబ్బాయి: నేను
పక్కనున్న అమ్మాయి: నిద్ర

ఇది ఒప్పుకోలు. తప్పు నాదే, నాకు తెలుసు, అయినా చేస్తున్నాను. చూసేవాళ్లు "నేనూ అంతే" అనుకుని నవ్వుతారు. అందరూ మొదట చేసేది ఇదే. అందుకే దీంట్లో కొత్తదనం తక్కువ. చెడ్డదని కాదు, ఇలాంటివి ఇప్పటికే వేలకొద్దీ ఉన్నాయి.

*రెండో జోకు: నేను పక్కనున్న అమ్మాయి చోట.*

ఎర్ర డ్రెస్సు: మధ్యాహ్నం మీటింగ్
అబ్బాయి: నిద్ర
పక్కనున్న అమ్మాయి: రాత్రి పక్క మీద నేను

ఇప్పుడు ద్రోహం చేసింది నిద్ర. రాత్రంతా నా పక్కన ఉండాల్సింది, దాని కళ్లేమో మధ్యాహ్నం మీటింగ్ మీద ఉన్నాయి. ఒప్పుకోలు పోయి ఫిర్యాదు వచ్చింది. ముందు జోకులో తప్పు చేసింది నేను, ఇక్కడ అన్యాయం జరిగింది నాకు. విషయం నిద్రే, ఫొటో అదే, కానీ చూసేవాళ్ల జాలి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మారింది. ఇంకో లాభం ఉంది. నిద్రను మనిషిని చేసేసరికి నోరు తెరిచిన ఆ మొహం మనది అయిపోయింది. ఆ మొహంలో ఉన్న కోపమంతా మన తరఫున పనిచేస్తుంది.

*మూడో జోకు: నేను ఎర్ర డ్రెస్సు చోట.*

ఎర్ర డ్రెస్సు: మంచి నిద్రలో నేను
అబ్బాయి: దోమ
పక్కనున్న అమ్మాయి: గదిలో ఇంకో పదిమంది

ఇందాక చెప్పిన నాలుగో సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఎర్ర డ్రెస్సు అమ్మాయికి ఏమీ తెలియదు కదా. నిద్రపోతున్న మనిషికీ ఏమీ తెలియదు. మామూలుగా ఈ ఫొటోలో ఎర్ర డ్రెస్సు అంటే అందరూ కోరుకునేది, అదృష్టం ఉన్నది. ఇక్కడ కోరబడటమే దురదృష్టం. ఫొటో అర్థం తలకిందులైంది, ఒక్క లేబుల్ కూడా ఫొటోకు ఎదురు తిరగలేదు. మామూలుగా ఎర్ర డ్రెస్సు మీద "నేను" అని పెడితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది, చూసేవాళ్లకు నచ్చదు. అక్కడ "నేను" పెట్టాలంటే కోరుకునేది దోమ లాంటిది కావాలి. పని, అనుమానం, చివరి నిమిషంలో వచ్చే ఫోన్ కాల్ – ఇవన్నీ ఆ లెక్కలోవే.

*నాలుగో జోకు: ఇద్దరమ్మాయిల లేబుళ్లు తారుమారు.*

ఎర్ర డ్రెస్సు: నిద్ర
అబ్బాయి: రాత్రి రెండింటికి నేను
పక్కనున్న అమ్మాయి: సగంలో ఉన్న సిరీస్

మొదటి జోకును తిప్పి పెట్టాం. అక్కడ నిద్ర మనకు కట్టుకున్న బంధం, ఫోన్ ఆశ. ఇక్కడ సిరీస్ బంధం అయిపోయింది, నిద్ర దొరకని ఆశ అయింది. "సరదా కోసం మొదలుపెట్టింది ఇప్పుడు వదలనివ్వడం లేదు" అన్నది కొత్త అర్థం. గమనించండి, తిప్పేటప్పుడు "నేను"కు "రాత్రి రెండింటికి" చేర్చాను, "ఫోన్" తీసి "సగంలో ఉన్న సిరీస్" పెట్టాను. ఊరికే రెండు పేర్లు అటూ ఇటూ మార్చితే "ఫోన్‌కు కోపం ఎందుకు?" అన్న ప్రశ్న వస్తుంది. సగంలో వదిలేస్తే సిరీస్‌కు కోపం రావడం న్యాయమే.

*ఐదో జోకు: ముగ్గురిలో ఇద్దరు నేనే.*

ఎర్ర డ్రెస్సు: ఇంకొక్క వీడియో
అబ్బాయి: రాత్రి పన్నెండింటికి నేను
పక్కనున్న అమ్మాయి: పొద్దున్నే లేవాల్సిన నేను

ఐదింటిలో నాకు బాగా నచ్చేది ఇదే. తప్పు చేసేదీ నేనే, మోసపోయేదీ నేనే. ఫొటోలోని మూడో సంగతి, అంటే దొరికిపోవడం, ఇక్కడ పూర్తి బలంతో వస్తుంది. పొద్దున లేచాక మన మీద మనకు వచ్చే కోపం ఆ మొహంలో ఉన్నట్టే ఉంటుంది. ఒకే మనిషిని రెండు వేళల్లో రెండు చోట్ల నిలబెట్టడం ఈ టెంప్లేట్‌కు బాగా కుదిరే పని. డబ్బు దాచుకోవడం, వ్యాయామం, చదువు – ఏ విషయంలోనైనా "ఇప్పటి నేను, రేపటి నేను" అని పెట్టి చూడండి.

మీ విషయంతో ఈ ఐదూ రాయండి. ఐదూ నిలవవు, అది మామూలే. రెండు నిలిస్తే ఆ రెండే ముందుకు తీసుకెళ్లండి.

4. లేబుల్‌ను తెలుగులో సరిగ్గా కుదించండి

తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. మన మాటలకు చివర విభక్తులు అంటుకుంటాయి. వాక్యంలో ఆలోచించి లేబుల్ రాస్తే "నిద్రను", "ఫోన్ వైపు", "నాకు" అని వచ్చేస్తాయి. లేబుల్ మీద విభక్తి పెట్టకండి. "ఎవరిని", "ఎటువైపు" అన్నది ఫొటోలోని చూపే చెబుతోంది. "ఫోన్ వైపు" అని రాస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ఉత్త పేరు చాలు: నిద్ర, ఫోన్, నేను.

క్రియలూ వద్దు. "నేను చూస్తున్నాను" అని అబ్బాయి మీద రాసినవి చాలా చూశాను. చూడటం అతను చేస్తూనే ఉన్నాడు. ఏదైనా అదనంగా చెప్పాలంటే పేరుకు ముందు విశేషణంగా పెట్టండి. "నేను పొద్దున్నే లేవాలి" అనకుండా "పొద్దున్నే లేవాల్సిన నేను" అనండి. ఈ రూపం తెలుగులో చాలా హాయిగా కుదురుతుంది, పైగా చివరి మాట "నేను" కావడంతో దెబ్బ అక్కడ పడుతుంది.

ఒక్కో లేబుల్ మూడు నాలుగు మాటలు దాటకూడదు. మూడింటిలో ఒకటి మాత్రమే పొడుగ్గా ఉండనివ్వండి. మూడూ పొడుగైతే చూసేవాళ్లు ఫొటో వదిలేసి చదువుతూ కూర్చుంటారు. మాట మాత్రం మీరు నోటితో అనేదే పెట్టండి. "నిశీధి వేళ నేను" అంటే ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టుంటుంది.

5. ఆశ్చర్యపరిచే మాట ఎక్కడ పడుతుందో చూడండి

మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. ఈ ఫొటోలో ఎడమ పక్కన ఎర్ర డ్రెస్సు, మధ్యలో అబ్బాయి, కుడి పక్కన కోపంగా ఉన్న అమ్మాయి. అంటే లేబుళ్లను వరసగా చదివేవాళ్లకు చివరికి వచ్చేది కుడి పక్కదే. పైన రెండో జోకు, ఐదో జోకు ఇంకోసారి చూడండి. అసలు మలుపు "రాత్రి పక్క మీద నేను", "పొద్దున్నే లేవాల్సిన నేను" అన్న కుడి పక్క లేబుళ్లలోనే ఉంది. మూడో జోకులో మలుపు "దోమ" దగ్గరుంది, అది మధ్యలో పడింది. అందుకే "గదిలో ఇంకో పదిమంది" అన్న మాటను చప్పగా, చిన్నగా ఉంచాను. దాన్ని కూడా చమత్కారంగా రాసి ఉంటే దోమను మింగేసేది.

ఫొటోను అద్దంలోలాగా తిప్పితే ఈ వరస మారుతుంది కదా అని ఒకరు అడిగారు. తిప్పొచ్చు, కానీ నేను తిప్పను. అందరి కంటికీ ఆ ఫొటో ఒకేలా అలవాటై ఉంది. తిప్పగానే "ఇదేదో తేడాగా ఉందే" అన్న ఆలోచన జోకు కన్నా ముందు వస్తుంది.

6. ఫొటో మీద రాయండి

ఇప్పుడు యాప్ తెరవండి. లేబుల్‌ను మనిషి ఛాతీ దగ్గర పెట్టండి, మొహం మీద కాదు. ముఖ్యంగా అబ్బాయి కళ్లు, కుడి పక్క అమ్మాయి నోరు అస్సలు కప్పకూడదు. చూపూ కోపమూ ఉన్నవి అక్కడే.

ఇంగ్లిష్ మీమ్‌లలో కనిపించే లావుపాటి తెల్ల అక్షరాల ఫాంట్ ఇంపాక్ట్. దాంట్లో తెలుగు అక్షరాలు లేవు. దాన్ని ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే యాప్ తనకు తోచిన వేరే సన్నటి ఫాంట్ పెట్టేస్తుంది. కాబట్టి తెలుగు ఫాంటే ఎంచుకోండి. తెల్ల అక్షరానికి నల్ల అంచు మంచిదే కానీ, ఇంగ్లిష్‌కు పెట్టినంత మందం పెడితే మన అక్షరాల లోపలి గుండ్రాలు, ఒత్తులు మూసుకుపోతాయి. "ద్ర", "ష్ట", "క్ష" ఉన్న మాటల దగ్గర దగ్గరగా చూసి అంచు తగ్గించండి. రెండు వరసలుగా రాస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగలకుండా మధ్యలో ఖాళీ పెంచండి.

కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి పడతాయి. "నిద్ర" కాస్తా "నిద్‌ర" అవుతుంది. అలా అయితే ఆ యాప్‌తో కుస్తీ పట్టకండి. ఫోన్‌లో ఒత్తులు సరిగ్గా కనిపించే ఏదైనా నోట్స్ యాప్‌లో పెద్ద అక్షరాలతో రాసి, స్క్రీన్‌షాట్ తీసి, మాట వరకు కత్తిరించి ఫొటో మీద అంటించండి. తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాల్లా వస్తుంది, చదవడానికి అదీ బాగుంటుంది.

7. పంపే ముందు పరీక్షించండి

మొదట ఫొటోను చేత్తో కప్పి లేబుళ్లు మాత్రమే చదవండి. జోకు అప్పుడే పూర్తిగా అర్థమైతే ఫొటో ఊరికే నిలబడి ఉన్నట్టు. "ఇంకొక్క వీడియో, రాత్రి పన్నెండింటికి నేను, పొద్దున్నే లేవాల్సిన నేను" – ఇవి విడిగా చదివితే ఏదో ఉందని తెలుస్తుంది కానీ ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తెలియదు. అది ఫొటో చెప్పాలి. అలా ఉంటే సరే.

తర్వాత ఇద్దరమ్మాయిల లేబుళ్లనూ తారుమారు చేయండి. అర్థం మారకపోయినా, చెడిపోకపోయినా మీ లేబుళ్లకు బలం లేదు. "సంతోషం", "ఆనందం" లాంటివి పెట్టినప్పుడు ఇలాగే అవుతుంది. ఎటు పెట్టినా ఒకటే. సరైన లేబుల్ తన చోటు మార్చగానే అరుస్తుంది.

చివరిగా ఆ స్నేహితుడికి ఫోన్ మామూలు దూరంలో పట్టుకుని చూపించండి. మీరేం మాట్లాడకండి. అయిదారు క్షణాల తర్వాత "ఇందులో తప్పు ఎవరిది?" అని అడగండి. "నవ్వొచ్చిందా?" అని అడగొద్దు, మొహమాటానికి వచ్చిందంటారు. తప్పు ఎవరిదో వెంటనే చెప్పగలిగితే మూడు చోట్లూ సరిగ్గా చేరినట్టే. "ఇదెవరు?" అని ఏ లేబుల్ దగ్గర ఆగారో, మార్చాల్సింది అదే.

ఎక్కువగా జరిగే తప్పులు

*దొరికిపోవడం లేని విషయం పెట్టడం.* "చలికాలం కన్నా వానాకాలం నాకిష్టం" అన్నది ఇష్టాయిష్టాల సంగతి. అందులో ద్రోహం లేదు, కోపం తెచ్చుకునేవాళ్లు లేరు. అలాంటిదానికి పైన "వద్దు", కింద "ఇది కావాలి" అని సైగ చేసే రెండు గళ్ల టెంప్లేట్ సరిపోతుంది. విషయం మంచిదే అయినా ఈ ఫొటోలో పెడితే కుడి పక్క అమ్మాయి ఎందుకు ఉందో తెలియక తేలిపోతుంది.

*పైన ఇంకో వాక్యం రాసి విడమరచడం.* మూడు లేబుళ్లు పెట్టాక కూడా "రాత్రుళ్లు నా పరిస్థితి ఇదీ" అని తల మీద రాస్తుంటారు. లేబుళ్ల మీద నమ్మకం లేక రాసేది అది. తీసేసి మళ్లీ స్నేహితుడికి చూపించండి. అది లేకుండా అర్థం కాకపోతే లేబుల్ మార్చాలి కానీ తల మీద వాక్యం పెంచకూడదు.

*ఫొటోలో మిగిలిపోయే పాత అర్థాన్ని మరిచిపోవడం.* దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. క్యాప్షన్ మార్చితే అర్థం పూర్తిగా మారుతుందన్నది నిజమే, కానీ ఫొటోలోని మనుషులు మనుషులుగానే ఉంటారు. 2018లో స్వీడన్‌కు చెందిన బాన్‌హాఫ్ అనే ఇంటర్నెట్ సంస్థ ఉద్యోగ ప్రకటనకు ఈ ఫొటోనే వాడింది. అబ్బాయి మీద "నువ్వు", పక్కనున్న అమ్మాయి మీద "నీ ఇప్పటి ఉద్యోగం", ఎర్ర డ్రెస్సు మీద సంస్థ పేరు పెట్టింది. లేబుళ్ల లెక్కలో చూస్తే తప్పేమీ లేదు, వాక్యం చక్కగా నిలుస్తుంది. కానీ ఆ దేశంలో ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే సంస్థ అది లింగవివక్ష చూపే ప్రకటన అని తేల్చింది. ఆడవాళ్లను ఒకరి బదులు ఒకరిని మార్చుకోదగ్గ వస్తువుల్లా చూపించిందన్నది దాని అభ్యంతరం.

అదే ఫొటో నిద్ర మీద జోకు అయితే ఎవరికీ ఇబ్బంది అనిపించకపోవచ్చు. ఉద్యోగ ప్రకటనలో ఎందుకు అనిపించిందంటే, "నువ్వు" అనగానే చదివేవాళ్లు తమను అక్కడ నిలబెట్టి చూసుకుంటారు. ఉద్యోగానికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు కదా, వాళ్లు ఆ ఫొటోలో ఎక్కడ నిలబడాలి? నా లెక్క ప్రకారం ఇద్దరమ్మాయిల లేబుళ్లూ నిద్ర, దోమ, సిరీస్ లాంటి మనుషులు కానివో, లేదా స్వయంగా "నేనే" అయినప్పుడో పాత అర్థం వెనక్కి పోతుంది. నిజంగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ల పేర్లు, లేదా రెండు సమూహాల పేర్లు పెట్టినప్పుడు ఆ అర్థం ముందుకు వచ్చి కూర్చుంటుంది. అలాంటి లేబుళ్లు నేను పెట్టను, మీరూ పెట్టకండి.

*మీ నలుగురికే తెలిసిన మాట పెట్టడం.* మా స్నేహితుల గుంపులో అందరూ పడి నవ్విన ఒక మీమ్‌ను నేను బయటివాళ్లకు చూపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అబ్బాయి మీద ఉన్నది మాలో ఒకరి ముద్దుపేరు. ఆ పేరు తీసి "పెళ్లికి అందరికన్నా ముందు వస్తానన్నవాడు" అని ఆ మనిషి లక్షణం రాశాక అర్థమైంది. పేరు కన్నా లక్షణం ఎక్కువ దూరం పోతుంది.

ప్రకటనకో, అమ్మకానికో వాడాలనుకుంటే

ఇది స్టాక్ ఫొటో, దానికి కాపీరైట్ ఉంది. స్నేహితుల మధ్య పంచుకునే సరదా వేరు, వ్యాపార ప్రకటన వేరు. వ్యాపారానికైతే లైసెన్సు కొనాలి. కొన్నా, ఫొటోలో కనిపించే మనుషులను ఎలాంటి విషయాలకు వాడకూడదో అందులో షరతులు ఉంటాయి, అవి చదవండి.

అది వద్దనుకుంటే కాగితం మీద మూడు పుల్లల బొమ్మలు గీయండి. బొమ్మలు రాకపోయినా పర్వాలేదు, నాలుగు గీతలు సరిగ్గా పడితే చాలు. మధ్య బొమ్మ చేయి కుడి పక్క బొమ్మ చేతితో కలవాలి. మధ్య బొమ్మ తల మాత్రం ఎడమకు తిరగాలి. కుడి పక్క బొమ్మకు గుండ్రంగా తెరిచిన నోరు ఉండాలి. ఎడమ బొమ్మ ఎవరి వైపూ చూడకుండా ముందుకు నడుస్తుండాలి. ఇప్పుడు మీ మూడు లేబుళ్లూ ఆ పుల్లల బొమ్మల మీద పెట్టి అదే స్నేహితుడికి చూపించి, అదే ప్రశ్న అడగండి: "ఇందులో తప్పు ఎవరిది?"